రెండు బొమ్మల మధ్య తేడా: మ్యాచ్ నడుస్తుండగా ప్రత్యర్థి అమరిక చదవడం, హాఫ్‌టైమ్‌లో మార్పు ఎంచుకోవడం

ఇచ్ఛాపురం, పాతపట్నం మొదలు పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం దాకా సరిహద్దు పొడవునా ఫుట్‌బాల్ ఆడించే కోచ్‌లకు చాలా మైదానాల్లో ఎత్తైన స్టాండు దొరకదు. హాఫ్‌టైమ్‌లో తిప్పి చూసుకోవడానికి వీడియో కూడా ఉండదు. చేతిలో ఉండేది ఒక కాగితం, ఒక పెన్ను, లైన్ పక్కన నిలబడేంత చోటు. దీంతోనే అవతలి జట్టు ఎక్కడ తెరుచుకుంటోందో కనిపెట్టి, విరామంలో ఏం మార్చాలో తేల్చుకోవాలి. ఇక్కడ ఒకే సమస్యను మొదటి నిమిషం నుంచి చివరి దాకా విప్పి చూపిస్తున్నాం. దాడికి ఎగబాకే రైట్ బ్యాక్ వెనక మిగిలే ఖాళీ అది. ఈ స్థాయి మ్యాచ్‌లలో చాలా తరచుగా కనిపించే బలహీనత ఇదే. కనిపించినా వాడుకోకుండా వదిలేసేదీ ఇదే.

మ్యాచ్ ఇలా అనుకుందాం. ఒక్కో సగం 35 నిమిషాలు, విరామం 10 నిమిషాలు. మైదానానికి ఒక కొసన బడి, రెండో కొసన చెరువు, ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క పొలం. మన బెంచి రోడ్డు పక్కన ఉంది. మొదటి సగంలో మనవాళ్లు బడి వైపు గోల్‌ మీదికి ఆడుతున్నారు. మనది 4-4-2. ఎర్ర చొక్కాల జట్టుది చూడ్డానికి 4-2-3-1. హాఫ్‌టైమ్‌కి మనం 0-1తో వెనకబడి ఉన్నాం.

ఎక్కడ నిలబడితే ఏం కనిపిస్తుంది

లైన్ పక్కన నేల మీద నిలబడ్డ మనిషికి మైదానం సగమే నిజం చెబుతుంది. గోల్ నుంచి గోల్ దిశలో ఉండే దూరాలు, అంటే వాళ్ల వెనక వరసకూ మధ్య వరసకూ నడుమ ఎంత ఉందన్నది, బాగానే తెలుస్తుంది. కానీ అడ్డంగా ఉండే దూరాలు మన చూపు దిశలోనే పడతాయి కాబట్టి నొక్కుకుపోయి కనిపిస్తాయి. స్టాపర్‌కీ రైట్ బ్యాక్‌కీ మధ్య పాతిక మీటర్ల సందు ఉన్నా ఇద్దరూ పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. అందులోనూ ఆ సందు మనకు దూరంగా ఉన్న పొలం పక్కన ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అందుకని అసిస్టెంటునో, ఆడని కుర్రాణ్నో ఒకణ్ని 10వ నిమిషం నుంచి 20వ నిమిషం దాకా వాళ్ల గోల్ వెనక్కి పంపాలి. గోల్ వలకు దూరంగా, ఎవరికీ అడ్డం కాకుండా నిలబడితే చాలు. అక్కడ బడి గోడో అరుగో ఉంటే ఎక్కి చూడమనండి. వాడికి ఇచ్చే ప్రశ్న ఒక్కటే: "బంతి పోయిన వెంటనే వాళ్ల వెనక నలుగురిలో ఏ ఇద్దరి మధ్య ఎక్కువ ఖాళీ ఉంది?" ఇంకేమీ అడగొద్దు. అన్నీ చూసి రమ్మంటే బంతిని చూసి వస్తాడు.

దూరం కొలవడానికి మైదానం మీది గీతలే కొలబద్ద. పెనాల్టీ ఏరియా లోతు 16.5 మీటర్లు, మధ్య వృత్తం అడ్డంగా 18.3 మీటర్లు. రెండు వరసల నడుమ ఖాళీ పెనాల్టీ ఏరియా లోతంత ఉంటే అక్కడ బంతి అందుకున్నవాడు తిరిగి ముందుకు చూసే వ్యవధి దొరుకుతుంది. సున్నంతో అంచనాగా గీసిన మైదానమైతే మ్యాచ్‌కి ముందే అడుగులేసి చూసుకోండి. పెనాల్టీ ఏరియా 13 మీటర్లే ఉన్న చోట్లూ తగులుతాయి.

తొలి పది నిమిషాలు: రెండు బొమ్మలు

కిక్ఆఫ్ అప్పుడు నిలబడిన తీరు చూసి "4-4-2 ఆడుతున్నారు" అని రాసుకోవద్దు. అప్పుడు అందరూ ఎవరి సగంలో వాళ్లు ఉండాల్సిందే, కాబట్టి అది ఫొటోకి నిలబడ్డట్టు ఉంటుంది. అసలు అమరిక రెండు సందర్భాల్లో బయటపడుతుంది.

మొదటిది, మన గోల్‌కీపర్ చేతిలోనో గోల్ కిక్ దగ్గరో బంతి ఉన్నప్పుడు. అది బంతి లేనప్పటి వాళ్ల బొమ్మ. రెండోది, వాళ్ల స్టాపర్ కాళ్ల దగ్గర బంతి కుదురుగా ఉండి మనవాళ్లు మీద పడనప్పుడు. అది బంతి ఉన్నప్పటి బొమ్మ. కాగితం మీద రెండు మైదానాలు గీసి, పేర్లూ గీతలూ లేకుండా చొక్కా నంబర్లు మాత్రమే వేయండి. వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. వెనక వరస, దాని ముందు వరస తేలితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తేలతారు. ఒక్కో బొమ్మకు రెండు మూడు అవకాశాలు వస్తే గానీ నమ్మకం కుదరదు. అందుకే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ లోపలికి అరవకుండా ఉండడం కష్టమే, కానీ అరుస్తూ లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ఎవడు ఎక్కువ దూరం కదిలాడో చూడండి. పని అంతా ఇక్కడే ఉంది. ఏ అమరికా దానంతట అది బలహీనం కాదు. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు మారే నాలుగైదు సెకన్లలోనే తెరుచుకుంటుంది. మన ఉదాహరణలో వాళ్ల 2వ నంబరు, రైట్ బ్యాక్, బంతి లేనప్పుడు తన పెనాల్టీ ఏరియా ఎదుటే ఉంటున్నాడు. బంతి రాగానే మన సగంలోకి వచ్చి లైన్ పట్టుకుని నిలబడుతున్నాడు. వాళ్ల 7వ నంబరు, రైట్ వింగర్, అతనికి దారి ఇచ్చి లోపలికి జరుగుతున్నాడు. అంటే 2 నంబరు నలభై మీటర్ల పైన అప్పు చేశాడన్నమాట. బంతి పోతే ఆ అప్పు తీర్చాలి. నలభై మీటర్లు వెనక్కి తిరిగి ఉరకడానికి కుర్రాడికి ఆరు సెకన్లు పడుతుంది. అంత దూరం కొట్టిన బంతికి మూడు చాలు.

10 నుంచి 30 నిమిషాలు: ఖాళీయా, పొరపాటా?

ఒకసారి ఖాళీ కనిపించగానే ఎగిరి గంతేయకూడదు. 2వ నంబరు జారిపడి ఉండొచ్చు, రిఫరీతో వాదిస్తూ ఆగిపోయి ఉండొచ్చు. వాళ్ల కార్నర్ తర్వాత ఎలాగూ అందరూ పైనే ఉంటారు, కాబట్టి కార్నర్లు, ఫ్రీ కిక్‌ల తర్వాతి ఘట్టాలు లెక్కలోకి తీసుకోవద్దు. ఆట మామూలుగా నడుస్తుండగా అదే కారణంతో మూడుసార్లు తెరుచుకుంటే అది పొరపాటు కాదు, వాళ్లు ఆడే పద్ధతే.

కాగితం వెనక మూడు గళ్లు గీయండి. 2వ నంబరు మధ్య గీత దాటి ఎక్కిన ప్రతిసారీ మొదటి గడిలో ఒక గీత. అలా ఎక్కి ఉండగా మనం బంతి గెలిస్తే రెండో గడిలో గీత. గెలిచిన బంతి ఆ ఖాళీలోకి వెళ్తే మూడో గడిలో గీత. 30వ నిమిషానికి 9, 5, 1 అని వచ్చిందనుకుందాం. ఈ మూడు అంకెలు విడివిడిగా మూడు సంగతులు చెబుతాయి. తొమ్మిది అంటే అలవాటు ఖాయం. ఐదు అంటే మన మధ్య వరస బంతి గెలుస్తోంది, అక్కడ చెయ్యి పెట్టక్కర్లేదు. ఐదింట్లో ఒక్కటే వెళ్లిందంటే లోటు మన దగ్గర, బంతి గెలిచిన తర్వాతి పాస్‌లో ఉంది. అదే 9, 1, 1 వచ్చి ఉంటే వైద్యం వేరు. ముందు బంతి ఎలా గెలవాలన్నది చూసుకోవాలి, ఖాళీ గురించి ఆలోచించి లాభం లేదు.

ఆ తర్వాత చూడాల్సింది ఆ ఖాళీని ఎవరు కప్పుతున్నారన్నది. దీనికి బంతి మీద నుంచి కళ్లు తీయాలి. వాళ్ల చేతిలోంచి బంతి పోగానే మూడు సెకన్లు వాళ్ల కుడి స్టాపర్ 4ను, అతని ముందు ఆడే 6ను మాత్రమే చూడండి. 4 పక్కకు జరిగి 2 వదిలిన చోటికి పోతుంటే, 4కీ రెండో స్టాపర్ 5కీ మధ్య గోల్ ఎదుటే సందు పడుతుంది. అలా కాక 6 దిగివచ్చి కప్పుతుంటే స్టాపర్ల నడుమ సందు ఉండదు, కానీ వాళ్ల ముందు నేల ఖాళీ అవుతుంది. మొదటిదైతే బంతి స్టాపర్ల వెనక్కి పోవాలి, రెండోదైతే వాళ్ల ముందుకి రావాలి. మన ఉదాహరణలో గోల్ వెనకనుంచి వచ్చిన కుర్రాడు "నాలుక్కీ ఐదుకీ మధ్య ఎడ్లబండి పోయేంత ఉంది మాస్టారూ" అన్నాడనుకుందాం. 4 పక్కకు లాగబడుతున్నాడు, 6 దిగట్లేదు.

మనం ఎందుకు వాడుకోలేకపోయాం

చాలామంది కోచ్‌లు ఈ మెట్టు దాటేస్తారు. ఖాళీ ఉందని చెప్పి "లెఫ్ట్‌లో వెయ్యండ్రా" అని ఊరుకుంటారు. మన లెఫ్ట్ వింగర్, 11వ నంబరు, ఎక్కడున్నాడో చూడండి. 2వ నంబరును కాపు కాస్తూ మన పెనాల్టీ ఏరియా దాకా దిగివచ్చాడు. బంతి గెలిచే సరికి ఆ ఖాళీకి అరవై మీటర్ల దూరంలో, వాళ్ల గోల్‌కి వీపు పెట్టి ఉన్నాడు. వాడికి పాస్ ఇస్తే వెనక్కే ఆడతాడు. మన ఇద్దరు ఫార్వర్డ్‌లు 9, 10 మధ్యలో పక్కపక్కన ఉన్నారు, ఇద్దర్నీ 4, 5 పట్టుకున్నారు. ఖాళీ ఉంది, బంతి ఉంది, అందుకునే మనిషే లేడు.

మార్పు ఎంచుకోవడం: చిన్నదాంతో మొదలు

మార్పుల్లో ఒక వరస పాటించండి. ముందు ఒక మనిషి నిలబడే చోటు మార్చి చూడాలి. అది చాలకపోతే ఇద్దరి స్థానాలు మార్చాలి. అదీ చాలకపోతే అమరిక, చివరికి సబ్. దీనికి కారణం పొదుపు ఒక్కటే కాదు. పది నిమిషాల విరామంలో పదకొండు మందికి కొత్త అమరిక ఎక్కదు, ఒక మనిషికి ఒక కొత్త చోటు ఎక్కుతుంది. సబ్‌లు లేని రోజుల్లో పెద్ద కోచ్‌లు చేసింది ఇదే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన స్టాపర్ జర్నైల్ సింగ్‌ను హైదరాబాదుకు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన 2-1 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌దే.

మన మ్యాచ్‌కి వస్తే ఎదుట మూడు దారులున్నాయి. మొదటిది, 11ను దిగొద్దని మధ్య గీత దగ్గరే ఉంచడం. ఖాళీకి దగ్గరవుతాడు, నిజమే. కానీ మనం తిన్న గోల్ 2వ నంబరు లైన్ మీదనుంచి వేసిన క్రాస్ వల్లే వచ్చింది. 11 దిగకపోతే మన లెఫ్ట్ బ్యాక్ ఒక్కడి మీద 2, 7 ఇద్దరు పడతారు. వెనకబడి ఉన్నప్పుడు రెండో గోల్ తెచ్చుకునే దారి ఇది. రెండోది, 11ను తీసేసి వేగంగా ఉరికేవాణ్ని దింపడం. ఎంత వేగమున్నా అరవై మీటర్ల వెనకనుంచి మొదలుపెడితే 4వ నంబరు ముందే చేరిపోతాడు. సమస్య కాళ్లలో లేదు, మొదలయ్యే చోటులో ఉంది. కాబట్టి సబ్ వృథా.

మూడోది సరైనది. 11 తన కాపలా పని మానక్కర్లేదు. వాళ్లకు బంతి ఉన్నంతసేపూ 10వ నంబరు మధ్యలోంచి ఎడమకు జరిగి, మధ్య గీతకు ఒక్క అడుగు మన వైపున, లైన్‌కి పది మీటర్ల లోపల నిలబడాలి. ఆ ఒక్క అడుగు ముఖ్యం. సొంత సగంలో ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ ఉండదు. కొత్త లైన్స్‌మన్ జెండా ఎత్తే గొడవ కూడా తప్పుతుంది. బంతి కదిలాక ఉరకాలి. 4 అతని వెంట పక్కకు పోతే 9వ నంబరు 4కీ 5కీ మధ్య సందులోకి పరిగెత్తాలి.

దీనికీ ఖర్చుంది. వాళ్ల స్టాపర్లిద్దర్నీ ఇప్పుడు 9 ఒక్కడే చూడాలి. 9 వాళ్ల వెంటపడి పరిగెత్తితే పది నిమిషాల్లో అలిసిపోతాడు, వెనక 6వ నంబరుకు బంతి హాయిగా అందుతుంది. అందుకే 9కి చెప్పాల్సిన మాట వెంటపడమని కాదు. స్టాపర్‌కీ 6కీ మధ్య నిలబడి ఆ పాస్‌ను ఆపమని చెప్పాలి.

సబ్ ఎప్పుడు అవసరమంటే, ఆ పని చేయగలవాడు లోపల లేనప్పుడు. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్ ఆటగాడు కకా లివర్‌పూల్ డిఫెన్స్ ముందు ఖాళీలో స్వేచ్ఛగా తిరిగాడు. హాఫ్‌టైమ్‌కి లివర్‌పూల్ 0-3. కోచ్ రాఫా బెనితెజ్ రైట్ బ్యాక్ ఫిన్నన్‌ను తీసి, ఆ ఖాళీలో కూర్చునే అలవాటున్న హామన్‌ను దింపి, వెనక ముగ్గురితో ఆడించాడు. 54 నుంచి 60 నిమిషాల మధ్య స్కోరు 3-3 అయింది, చివరికి పెనాల్టీల్లో గెలిచారు. అక్కడ ఆ పని తెలిసినవాడు బెంచి మీద ఉన్నాడు, కాబట్టి సబ్ అర్థవంతం.

పసుపు కార్డు తిన్న డిఫెండరు, పిక్కలు పట్టేసినవాడు ఉంటే వాళ్ల విషయం వేరే లెక్క, దాన్ని వ్యూహంతో కలపొద్దు. ఎన్ని సబ్‌లు, బయటికి వచ్చినవాడు మళ్లీ దిగొచ్చా అన్నది టోర్నీని బట్టి మారుతుంది. మ్యాచ్‌కి ముందే నిర్వాహకుల్ని అడిగి రాసుకోండి. పెద్ద పోటీల్లో ఐదు సబ్‌లను మూడు విడతల్లోనే దింపాలి, విరామంలో దింపితే అది విడత కింద లెక్కకు రాదు. అదే పద్ధతి ఉన్నచోట ఎలాగూ దింపాలనుకున్నవాణ్ని విరామంలోనే దింపడం లాభం. రిఫరీకి చెప్పకుండా మాత్రం పంపొద్దు.

విరామం: పది నిమిషాలు ఎలా ఖర్చవుతాయి

నియమం ప్రకారం విరామం 15 నిమిషాలకు మించకూడదు. మన దగ్గర పదికి కుదిస్తారు, అందులో రెండు నడకకే పోతాయి. తర్వాతి మూడు నిమిషాలు కుర్రాళ్లను నీళ్లు తాగనివ్వండి, మాట్లాడొద్దు. ఊపిరి కుదుటపడని వాడికి ఏం చెప్పినా తలూపుతాడు గానీ వినడు. ఆ మూడు నిమిషాల్లో మీరు, అసిస్టెంటు పక్కకెళ్లి కాగితం చూసుకోవాలి.

తర్వాత రెండు నిమిషాలు 9, 10, 11తో పాటు బంతి గెలిచే 8వ నంబరును మాత్రమే పిలవండి. నేల మీద రాళ్లు పెట్టి చూపించండి. మాట ఇంత పొడుగుంటే చాలు: "ఒరే పదీ, వాళ్లకి బంతున్నంతసేపు గీతకి ఇవతల, ఎడం పక్క నిలబడు. దిగకు. ఎనిమిదీ, బంతి గెలిస్తే చూడొద్దు, మొదటి తన్ను ఎడమకే. తొమ్మిదీ, నాలుగోవాడు పక్కకి లాగబడితే వాడు వదిలిన చోట్లోకి నువ్వు. పదకొండూ, నీ పని మారలేదు." ఆ తర్వాత ఒక్కొక్కణ్నీ వాడి పని వాడి నోటితో చెప్పించండి. తప్పు చెప్పినవాడు లోపలా తప్పే చేస్తాడు. చివరి రెండు నిమిషాలు జట్టు మొత్తానికి ఒకే ఒక్క మాట.

భాష సంగతి ఒకటుంది. మన జట్టులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే కుర్రాళ్లు కలిసి ఉంటారు. ఎడమ, కుడి అంటే ఒకడికి, బామ, డాహాణ అంటే ఇంకొకడికి వెంటనే అందుతుంది. రాళ్లతో చూపించడం అందుకే మేలు. పైగా అవతలి జట్టుకీ ఈ భాషలన్నీ వచ్చు. "ఎడమకెయ్యరా" అని లైన్ మీదనుంచి అరిస్తే వాళ్ల 4వ నంబరు మీకంటే ముందు వింటాడు. ఒక గుర్తు మాట పెట్టుకోండి, ఏ కూరగాయ పేరైనా సరే.

ఇంకో సంగతి, ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. విరామం తర్వాత గోల్‌లు మారతాయి. మొదటి సగంలో పొలం పక్కనున్న ఖాళీ ఇప్పుడు రోడ్డు పక్కకు, మీ బెంచి ముందుకు వస్తుంది. 10వ నంబరుతో నెమ్మదిగా మాట్లాడొచ్చు, అది మంచిదే. కానీ చెరువు వైపు, రోడ్డు పక్క మూల నేల మెత్తగా ఉంటే నేల మీద తోసిన పాస్ అక్కడ బురదలో ఆగిపోతుంది. విరామంలోనే అసిస్టెంటును పంపి ఆ మూల కాలితో నొక్కి చూడమనండి. మెత్తగా ఉంటే 8కి చెప్పాల్సింది నేల పాస్ కాదు, 4వ నంబరు తల మీదుగా లేపి, మూలకు పదిహేను మీటర్ల ముందే దిగేలా కొట్టమని.

రెండో సగం తొలి పదిహేను నిమిషాలు

అవే మూడు గళ్లు మళ్లీ కొత్తగా మొదలుపెట్టండి. గోల్ రాలేదని మార్పు తప్పని తేల్చొద్దు, మూడో గడి నిండుతోందా అన్నదే చూడాలి. నాలుగు గెలుపుల్లో మూడు ఎడమకు వెళ్తే మార్పు పనిచేస్తున్నట్టే. వెళ్తున్నా బంతి నిలవకపోతే తన్ను బలంలో తేడా ఉంది. అసలు వెళ్లకపోతే 10వ నంబరు పాత అలవాటు కొద్దీ మధ్యలోకి జరిగిపోయి ఉంటాడు. చాలాసార్లు జరిగేది ఇదే.

అవతలి కోచ్ కూడా నిద్రపోడు. 2వ నంబరు మధ్య గీత దగ్గరే ఆగిపోవడం మొదలుపెడితే మీ మార్పు సగం గెలిచినట్టే. వాళ్ల కుడి పక్క దాడికి వెడల్పు ఇచ్చే మనిషి పోయాడు. 7వ నంబరు మళ్లీ లైన్‌కి పోతాడు, మధ్యలో వాళ్లకు ఒకడు తగ్గుతాడు. అప్పుడు 10ని వెనక్కి మధ్యలోకి పిలవండి. అక్కడ ఇంకా ఎడమన ఉంచితే వృథాగా నిలబడతాడు. అలా కాక 2 ఎక్కుతూనే ఉండి, 6వ నంబరు కుడికి జరిగి కప్పుతుంటే స్టాపర్ల ముందు నేల ఖాళీ అవుతుంది. 10ని కదపొద్దు. 9ని ఆ ఖాళీలోకి దిగి బంతి అందుకోమని, 8ని అతన్ని దాటి ముందుకు ఉరకమని చెప్పండి.

స్కోరు 1-1 అయితే ఈ ఏర్పాటు అలాగే ఉంచవచ్చు. మీరు 2-1తో ముందుకెళ్తే మాత్రం 2వ నంబరు ఇంకా తెగించి ఎక్కుతాడు, స్టాపర్‌లలో ఒకడు కూడా వెంట వస్తాడు. చివరి పది నిమిషాల్లో 9ని దించి మధ్య వరసలో ఐదో మనిషిగా పెట్టి, 10ని మాత్రం ఆ గీత దగ్గరే ఒంటరిగా వదిలేయండి. వాళ్లు ఎక్కువమందిని పంపినకొద్దీ అతని ముందు నేల పెరుగుతుంది. వేగంగా ఉరికే ఆ సబ్ ఇప్పుడు పనికొస్తాడు, అలిసిన 10వ నంబరు స్థానంలో.